మనిషిని ముందుకు పిలవండి: ఫోన్‌తో కట్టడం ముందు ఫోటో తీయడం

(కొత్తగా ఫోన్‌తో ఫోటోలు తీసేవారి కోసం తిరుపతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకునేందుకు రికార్డింగు నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఉన్నాయి. తెర మీద రెండే రెండు ఫోటోలు చూపిస్తాను. రెండూ చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు తీసినవి. ఒకే సాయంత్రం, ఒకే ఫోన్, ఒకే మనిషి, ఆమె కట్టుకున్నదీ అదే చీర. రెండింటికీ మధ్య పది నిమిషాలు కూడా లేదు. వెలుతురు మారలేదు, తర్వాత ఏ యాప్‌లోనూ రంగులు మార్చలేదు. మారింది ఏమిటంటే ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఫోన్ ఎంత ఎత్తులో ఉంది, ఎట్లా పట్టుకున్నారు. అంతే. ఈరోజు ఆ ఒక్క సంగతే మాట్లాడుకుందాం: పెద్ద కట్టడం ముందు మనిషిని పెట్టి తీయడం. మన ఊరికి వచ్చినవాళ్లు ఎక్కువగా తీసుకునే ఫోటో అదే కదా? గోపురం ముందు, మహల్ ముందు, కపిలతీర్థంలో కొండ ముందు.

ముందు అందరూ ఫోన్లు బయటికి తీయండి. కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి గీతలు పెట్టుకోండి. ఐఫోన్ అయితే Settings, దాంట్లో Camera, దాంట్లో Grid. దాని దగ్గరే Level అని ఉంటే అదీ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ అయితే కెమెరా తెరిచాక పళ్లచక్రం గుర్తు నొక్కండి, లోపల Grid lines అనో అట్లాంటి పేరుతోనో ఉంటుంది. వచ్చిందా? తెర మీద అడ్డం రెండు, నిలువు రెండు గీతలు కనిపించాలి. ఇవి ఫోటోలో పడవు, భయపడొద్దు. అక్కా, మీకు వచ్చిందా? సరే.

ఇప్పుడు మొదటి ఫోటో చూడండి. ఈ ఫోటోలో ఎవరున్నారు?

కనిపించలేదు కదా! ఉన్నారు సామీ, ఒకామె ఉంది. అదిగో, కింది వరస కమాను పక్కన పచ్చ చీర. తీసినాయన ఏం చేశాడంటే, "మహల్ దగ్గరికి వెళ్లి నిలబడు" అన్నాడు. ఆమె వెళ్లి గోడ దగ్గర నిలబడింది. మహల్ పట్టాలని ఆయన పచ్చిక మీద వెనక్కి, ఇంకా వెనక్కి వచ్చాడు. ఇంచుమించు 120 అడుగులు. ఫోన్ నిలువుగా పట్టుకుని, కంటి ఎత్తులో పెట్టి నొక్కాడు. మనలో చాలామంది చేసేది ఇదే. కట్టడం దగ్గర నిలబడితే కట్టడంతో ఫోటో అనుకుంటాం.

లెక్క చూద్దాం, సులువు లెక్కే. మన ఫోన్లలో మామూలు కెమెరా, అంటే 1x, ఎంత దూరంలో చూస్తే ఆ దూరానికి 1.4 రెట్ల పొడవు పట్టిస్తుంది. పది అడుగుల దూరంలో పొడుగు వైపు 14 అడుగులు, పొట్టి వైపు పదిన్నర అడుగులు. ఫోన్‌ను బట్టి అటూ ఇటూ కొంచెం మారుతుంది గానీ ఈ లెక్క చాలు. మరి 120 అడుగుల దూరంలో? పొడుగు వైపు 168 అడుగులు. ఆమె ఎత్తు అయిదున్నర. 168లో అయిదున్నర అంటే ముప్పయ్యో వంతు. ఫోన్ తెర మీద చూస్తే మనిషి మొత్తం మూడు మిల్లీమీటర్లు. బియ్యపు గింజలో సగం! అందులో ముఖం ఎంత? అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆమె నవ్విందో లేదో ఎవరికి తెలుస్తుంది?

"తర్వాత జూమ్ చేసి చూసుకుంటాంలే" అంటారు. చూడండి, చేసి చూపిస్తా. ఇదిగో, ముఖం చుక్కలు చుక్కలుగా వచ్చింది. అంత చిన్న ముఖానికి కెమెరాలో చుక్కలే తక్కువ పడ్డాయి, ఎంత లాగినా లేనిది రాదు.

ఇంకో తప్పు కూడా ఉంది ఇందులో. ఫోన్ నిలువుగా పట్టుకున్నాడు. రాజమహల్ ఎత్తు కంటే పొడవు ఎక్కువైన భవనం. నిలువుగా పడితే ఏమైంది? కింద అంతా పచ్చిక, పైన అంతా ఆకాశం, మధ్యలో ఒక పట్టీలాగా మహల్. అడ్డంగా ఉన్నదానికి ఫోన్ అడ్డంగా, నిలువుగా ఉన్నదానికి నిలువుగా. దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు.

ఇప్పుడు రెండో ఫోటో. ఆ... ఇప్పుడు అందరికీ కనిపించింది కదా! అదే మహల్, అదే ఆమె. ముఖం కనిపిస్తోంది, చీర అంచు కనిపిస్తోంది, వెనక కమానులు, పైన శిఖరాలు కనిపిస్తున్నాయి. దీనికి తీసినాయన ఏం చేశాడు? తన చోటు నుంచి కదల్లేదు! అక్కడే, 120 అడుగుల దగ్గరే ఉన్నాడు. ఆమెను పిలిచాడు. "నా దగ్గరికి రా, ఇంకా రా, ఇంకా రా." పది అడుగుల దూరం దాకా రమ్మన్నాడు. పది అడుగులంటే కొలత అడుగులండీ, నడిచే అంగల్లో చెప్పాలంటే నాలుగు అంగలు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఆమె 110 అడుగులు నడిచి వచ్చింది. మహల్ ఏమైనా చిన్నదయిందా? కాలేదు. మహల్‌కీ ఫోన్‌కీ మధ్య దూరం మారలేదు కాబట్టి మహల్ అంతే ఉంది. ఆమె మాత్రం పెద్దదైంది. ఫోన్ అడ్డంగా ఉంది కాబట్టి పది అడుగుల దగ్గర నిలువు కొలత పదిన్నర అడుగులు. అందులో అయిదున్నర అడుగుల మనిషి. అంటే ఫోటో ఎత్తులో సగం! ముప్పయ్యో వంతు ఎక్కడ, సగం ఎక్కడ?

కట్టడం ఎంత కనపడాలో తీసేవాళ్లు నిలబడే చోటు నిర్ణయిస్తుంది. మనిషి ఎంత కనపడాలో ఆ మనిషి నిలబడే చోటు నిర్ణయిస్తుంది. రెండూ వేరు వేరు పనులు. మొదట మనుషుల్ని పక్కన పెట్టి, ఒట్టి కట్టడాన్ని చూస్తూ మీ చోటు వెతుక్కోండి. అది కుదిరాక కాళ్లు కదపకుండా మనుషుల్ని పిలవండి. వరస తిరగబడిందా, మళ్లీ మొదటి ఫోటోనే వస్తుంది.

ఇక ఫోన్ ఎత్తు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ, నన్నడిగితే ఫోటో చెడిపోయేది సగం ఇక్కడే. చదునైన నేల మీద, దూరంగా నేల ముగిసే గీత ఒకటి ఉంటుంది కదా, ఆ గీత ఫోటోలో మనిషిని ఎక్కడ కోస్తుంది? ఫోన్ ఎంత ఎత్తులో ఉంటే అంత ఎత్తులో కోస్తుంది. ఎప్పుడైనా సరే. ఫోన్ మీ కంటి దగ్గర ఉందా, గీత ఎదుటి మనిషి కళ్ల దగ్గరో మెడ దగ్గరో పోతుంది. మెడ మీద కత్తి పెట్టినట్టు ఉంటుంది చూడ్డానికి. ఫోన్ దించండి, గీత కూడా దిగుతుంది. రెండో ఫోటోలో ఫోన్ మూడున్నర అడుగుల ఎత్తులో ఉంది, అంటే బొడ్డుకు కాస్త పైన. గీత ఆమె నడుం దగ్గర పోయింది, చూడండి. మెడ, ముఖం, భుజాలు అన్నీ గోడ మీదికి లేచాయి. మనిషి నిటారుగా, నిండుగా నిలబడినట్టు ఉంది.

ఫోన్ దించి, పైకి వంచకండి! దించినప్పుడు చేతులు వాటంతట అవే ఫోన్‌ను పైకి వంచేస్తాయి. వంగితే ఏమవుతుంది? మహల్ గోడలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలిపోతాయి. నిలువు గోడ నిలువుగా రావాలంటే ఫోన్ కూడా గోడలాగా నిటారుగా ఉండాలి. ఎట్లా తెలుస్తుంది? ఇందాక పెట్టుకున్న గీతలు ఉన్నాయి కదా, పక్క నిలువు గీతకు మహల్ అంచు సమానంగా ఉందా చూడండి. సమానంగా లేకపోతే వంగిందన్నమాట. వంగి తీయడానికి మోకాళ్లు సహకరించకపోతే ఫోన్‌ను తలకిందులుగా తిప్పి పట్టుకోవచ్చు. చాలా ఫోన్లలో కెమెరా పైకొసలో ఉంటుంది, నిలువుగా తీసేటప్పుడు తలకిందులు చేస్తే కెమెరా కిందికి వస్తుంది, చేతులు దించితే చాలు. ఫోటో మాత్రం తిన్నగానే వస్తుంది.

మూడున్నర అడుగులే ఎందుకు? ఆ ఎత్తులో, పది అడుగుల దూరంలో, ఫోన్ నిటారుగా ఉంటే ఆమె కళ్లు సరిగ్గా పై అడ్డగీత మీదికి వచ్చాయి. పాదాల కింద అడుగున్నర పైచిలుకు నేల మిగిలింది. పాదాలు తెగలేదు. ఫోటోలో పాదాలు ఉంచితే మొత్తం ఉంచండి, కింద కొంచెం నేలతో సహా. లేదంటే దగ్గరికి వెళ్లి నడుం దాకానో తొడ సగం దాకానో తీయండి. చీలమండల దగ్గర, మోకాళ్ల దగ్గర తెగితే కాళ్లు లేనట్టు ఉంటుంది. పిల్లలైతే ఈ లెక్క మారుతుంది, వాళ్ల ఛాతీ ఎత్తుకు మీరు కూర్చోవాల్సిందే.

ఇప్పుడు ఆమె ఫోటోలో ఎక్కడుంది? మధ్యలో లేదు. ఎడమ నిలువు గీత మీద ఉంది. మధ్యలో నిలబెట్టి ఉంటే మహల్ మధ్య భాగాన్ని ఆమే కప్పేసేది. ఎవరి చోటు వాళ్లకు ఇవ్వాలి కదా. ఎడమ గీత మీద మనిషి, కుడి వైపు భవనం. ఆమె ఒళ్లు కూడా కాస్త కుడివైపు, అంటే మహల్ వైపు తిరిగింది, ముఖం మన వైపు. బయటికి తిరిగి ఉంటే ఫోటోలోంచి వెళ్లిపోతున్నట్టు ఉండేది.

ఇక తల వెనక ఏముంది? ఇది బాగా చూసుకోవాలి. మన జుట్టు నలుపు. రాజమహల్ కమానుల లోపల చీకటి. నల్ల తల నల్ల కమాను మీద పడితే తల ఎక్కడ మొదలయిందో తెలియదు. రెండు కమానుల మధ్య లేత రంగు గోడ ఉంది చూడండి, తల దాని మీద పడాలి. మరి ఆమెను జరపాలా? అక్కర్లేదు. మీరు జరగండి. ఆమె పది అడుగుల్లో ఉంది, మహల్ ఆమె వెనక ఇంకో 110 అడుగుల్లో ఉంది. మీరు ఒక్క అడుగు పక్కకు జరిగితే ఆమె తల వెనక గోడ పదకొండు అడుగులు జరుగుతుంది! ఒక కమాను దాటిపోతుంది. అందుకే పెద్దగా తిరగక్కర్లేదు, అరడుగు అటు, అరడుగు ఇటు ఊగి చూడండి. నెత్తి మీద దీపస్తంభం మొలిచినా, చెవిలోంచి చెట్టు కొమ్మ వచ్చినా ఇదే మందు.

జరిగాక, నొక్కే ముందు చూపును ఫోటో నాలుగు అంచుల వెంట ఒకసారి తిప్పండి. మొదటి ఫోటోలో కుడి అంచున ఎవరిదో మోచెయ్యి ఉంది, ఎడమ మూల చెత్తబుట్ట. తీసినప్పుడు ఆయన చూడలేదు, ముఖం మీదే చూపు ఉంటుంది కాబట్టి ఎవరం చూడం. రెండు సెకన్ల పని.

ఆ తర్వాత తెర మీద ఆమె ముఖం దగ్గర వేలితో ఒకసారి తాకండి. ఫోకస్, వెలుతురు రెండూ ముఖానికి కుదురుతాయి. పది అడుగుల మనిషి, 120 అడుగుల భవనం, రెండూ స్పష్టంగా వస్తాయా అని అనుమానం రావచ్చు. వస్తాయి. ఫోన్ కెమెరా సెన్సారు చిన్నది కాబట్టి ఇంత దూరంలో రెండూ బాగానే పడతాయి. కానీ Portrait మోడ్ పెట్టొద్దు. అది కావాలని వెనకది మసక చేస్తుంది. మహల్ కోసం ఇంత దూరం వచ్చి మహల్‌ను మసక చేసుకుంటామా?

ఏమ్మా, ఏదో అడగబోయారు? "మహల్ ఇంకా పెద్దగా కావాలంటే?" మంచి ప్రశ్న. ఇప్పుడు 2x నొక్కండి. మనిషి రెండింతలు అయిపోతుంది, పట్టదు. అప్పుడు మీరు వెనక్కి వెళ్లండి, ఆమెకు మీకు మధ్య ఇరవై అడుగులు వచ్చేదాకా. ఇప్పుడు ఆమె ఇందాకటి అంతే ఉంది. మహల్? మీరు దానికి పది అడుగులే దూరం జరిగారు, 120 కాస్తా 130 అయింది. జూమ్ మాత్రం రెండింతలు. కాబట్టి మహల్ రెండింతలకు కొంచెం తక్కువగా పెరిగింది. మనిషి వెనక భవనం దగ్గరికి వచ్చి నిలబడినట్టు ఉంటుంది. మొత్తం భవనం పట్టదు, ఒక భాగమే వస్తుంది. నాకైతే చాలాసార్లు అదే బాగుంటుంది, కమానుల పనితనం కనిపిస్తుంది కదా. 5x, 10x దాకా మాత్రం పోకండి, ఆ జూమ్‌కు మీ ఫోన్‌లో వేరే లెన్సు ఉంటే తప్ప. లేకపోతే ఉన్న బొమ్మనే కోసి పెద్దది చేస్తుంది, ముఖం మైనపు బొమ్మలాగా వస్తుంది.

దీనికి ఎదురు 0.5x, కొన్నింట్లో 0.6x. చోటు లేనప్పుడు అందరం అదే నొక్కుతాం. అది అంచుల దగ్గర ఉన్నదాన్ని బయటికి లాగుతుంది. అంచున నిలబడ్డవాళ్ల తల పక్కకు సాగుతుంది, ఒళ్లు లావవుతుంది. తప్పనిసరి అయితే మనుషుల్ని మధ్యలో పెట్టి, అంచులకు గోడలో చెట్లో ఉండేట్టు చూడండి.

చెప్పండన్నా. "గోవిందరాజస్వామి గుడి గోపురం ముందు ఇంత చోటు ఎక్కడిది?" నిజమే. రాజమహల్ ముందు పచ్చిక ఉంది, అక్కడ జనం, అంగళ్లు. గోపురం ఏడంతస్తులు, ఎత్తు ఇంచుమించు 50 మీటర్లు. ఫోన్ నిలువుగా పట్టుకుని, కొంచెం కూడా వంచకుండా, 1xలో కొస దాకా పట్టించాలంటే 70 మీటర్లు వెనక్కి రావాలి. అంత దూరంలో మధ్యలో ఎన్ని వస్తాయో మీకే తెలుసు. కాబట్టి అక్కడ ఇందాకటి నియమాన్ని సడలిద్దాం. 40 మీటర్ల దగ్గర ఆగండి. మనిషి మీకు పది అడుగుల్లోనే. ఫోన్ నిలువుగా, నడుం ఎత్తులో, ఈసారి కాస్త పైకి వంచండి, కలశాల పైన వేలెడంత ఆకాశం మిగిలేదాకా. గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది, నిజమే. కానీ గోపురం కట్టడంలోనే పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ఆ వాలు కంటికి అంతగా తగలదు. మహల్ నిలువు గోడకైతే ఇట్టే తెలిసిపోతుంది. ఒక్కటి చూసుకోండి: గోపురం ఫోటో మధ్యలో ఉండాలి. పక్కన ఉంటే ఒకవైపే పడిపోతున్నట్టు ఉంటుంది. గోపురం మధ్యలో, మనిషి ఎడమ గీత మీదో కుడి గీత మీదో. గోపురం కొస మనిషి నెత్తి మీద కూర్చోకూడదు.

వంచినందువల్ల ఇక్కడ పాదాలు అంచుకు దగ్గరగా వస్తాయి, తెగుతున్నట్టుంటే తొడ సగం దాకా ఉంచి తీసేయండి. పండగ రోజు వెళ్తే ఇవేవీ కుదరవు, జనం అడ్డం వస్తూనే ఉంటారు. అప్పుడు గోపురం మొత్తం కావాలన్న పట్టు వదిలేసి, 2xలో పై మూడు అంతస్తులు విడిగా ఒకటి, మనుషులవి ఒకటి తీసుకోవడం మేలు.

చివరిగా ఆ పెద్దాయన అడిగింది. "మేం పది మందిమి, అందరినీ పది అడుగుల్లో ఎట్లా పెడతారు?" పది మంది ఒకే వరసలో భుజం భుజం కలిపి నిలబడితే మనిషికి అడుగున్నర చొప్పున 15 అడుగులు. పది అడుగుల దగ్గర మనకు పట్టేది 14. చాలదు. కాబట్టి రెండు వరసలు చేయండి. ముందు అయిదుగురు కూర్చోవాలి, వెనక అయిదుగురు వాళ్ల సందుల్లో నిలబడాలి. అప్పుడు వెడల్పు ఇంచుమించు ఎనిమిది అడుగులే. పది అడుగుల దూరం సరిపోతుంది, మహల్‌కు పక్కన చోటు కూడా మిగులుతుంది. ఫోన్ ఎత్తు అదే మూడున్నర అడుగులు. పది మందిలో ఒకరు కళ్లు మూస్తూనే ఉంటారు కాబట్టి నాలుగైదు సార్లు నొక్కండి. నొక్కే ముందు అందరినీ ఒకసారి కళ్లు మూసుకోమని, మీరు "ఊ" అన్నప్పుడు తెరవమనండి. తెరిచిన వెంటనే నొక్కితే ఎక్కువసార్లు పది మందికీ కళ్లు తెరిచే ఉంటాయి.